పార్ట్‌నర్ రిటైర్ అయ్యాక పోయారు: ఎగ్జిక్యూటర్లకి ఎంత ఇవ్వాలి, గుడ్‌విల్ నా కేపిటల్‌లోంచి సగం ఎందుకు పోవాలి?

రాణిగంజ్_సుజాత
రాణిగంజ్‌లో మాది పంపులు, మోటార్ల షాపు. ముగ్గురం పార్ట్‌నర్లం. నాన్నగారి స్నేహితుడు (పెద్దాయన అంటాం), మా అన్నయ్య, నేను. లాభాలు 2:2:1, ఆ చివరి 1 నాది. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో షాపుకి రాలేక 2024 మార్చి 31న రిటైర్ అయ్యారు, ఇక మీదట లాభాలు అన్నయ్యకి 3, నాకు 2 అని రాసుకున్నాం. మూడేళ్ళ లాభాలు 11, 13, 12 లక్షలు, సగటు 12, డీడ్‌లో రెండేళ్ళ కొనుగోలు అని ఉంది కాబట్టి గుడ్‌విల్, అంటే షాపు పేరుకి కట్టే విలువ, 24 లక్షలు, అందులో పెద్దాయన వాటా 9,60,000. ఇంతవరకు నాకు అర్థమైంది.

ఆ 9,60,000 మా ఇద్దరి కేపిటల్‌లోంచి తీశారు, చెరి 4,80,000. అన్నయ్య వాటా 3, నాది 2 అయినప్పుడు సగం సగం ఏంటి? నా కేపిటల్ 7 లక్షలే, ఇదీ పుస్తకాల్లోని పాత గుడ్‌విల్ కొట్టేసినందుకు ఇంకో లక్షా పోతే మిగిలింది 1,20,000. సీఏ గారి ఆఫీసులో అబ్బాయిని అడిగితే గెయినింగ్ రేషియో మేడం అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశాడు. అన్నయ్యతో ఈ విషయం మాట్లాడాలంటే మొహమాటం.

రెండోది. పెద్దాయనకి ఇవ్వాల్సింది అప్పుగా పెట్టి వాయిదాల్లో ఇస్తున్నాం. డిసెంబర్ 12న ఆయన కన్నుమూశారు. వీలునామా అమలు చేయడానికి అందులో ఇద్దరు ఎగ్జిక్యూటర్లని రాశారు, ఆయన అల్లుడు, ఒక బంధువు. వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బాకీ మొత్తం ఒకేసారి ఇవ్వాలట, డిసెంబర్ 12 దాకా లాభంలో వాటా కావాలట, పైగా లెక్కలో 2 లక్షలు ఎందుకు కోశారు అని అడిగారు. ఏం జవాబు రాయాలి?

బాలానగర్_శీను
అక్కా, పార్ట్‌నర్ చనిపోతే ఫర్మ్ రద్దు అయినట్టే, పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 42. మొత్తం ఆస్తులు అమ్మి పంచాలి. మా నాన్న పోయినప్పుడు మాకు లాయర్ ఇదే చెప్పాడు.

టాలీ_రాజు
గుడ్‌విల్ కొత్త రేషియోలో కొయ్యాలి. 3:2 అంటే అన్నయ్యకి 5,76,000, మీకు 3,84,000. సీఏ ఆఫీసు అబ్బాయి తప్పు చేశాడు. నేను పదేళ్ళుగా టాలీలో ఇవే ఎంట్రీలు కొడుతున్నా.

రాణిగంజ్_సుజాత
అదే కదా రాజు గారు నేననేది!! దాదాపు లక్ష తేడా.

కామర్స్_మేడం
రాజు గారు, ఆ అబ్బాయిది తప్పు కాదు. సుజాత గారు, కొంచెం ఓపిగ్గా చదవండి, మీకు ఎవరూ అన్యాయం చేయలేదు.

పెద్దాయన వెళ్తూ తన రెండు వంతులు వదిలేసి వెళ్ళారు, అంటే అయిదింట రెండు. దాన్ని మీరిద్దరూ ఎలా పంచుకున్నారో చూడాలి. అన్నయ్య ముందు అయిదింట రెండు, ఇప్పుడు అయిదింట మూడు, ఒక వంతు పెరిగాడు. మీరు ముందు అయిదింట ఒకటి, ఇప్పుడు అయిదింట రెండు, మీరూ ఒక వంతే పెరిగారు. ఆయన వదిలిన రెండు వంతుల్లో చెరొకటి తీసుకున్నారు కాబట్టి ఖరీదు కూడా చెరి సగం. మొత్తం వాటా ఎంత ఉంది అన్నది ఇక్కడ లెక్క కాదు, పెద్దాయన దగ్గర కొన్నది ఎంత అన్నదే లెక్క.

నమ్మకం కుదరకపోతే పాత పద్ధతిలో చేసి చూడండి. 24 లక్షల గుడ్‌విల్ మొత్తం పాత వాటాల్లో ముగ్గురికీ జమ చేయండి, పెద్దాయనకి 9.6, అన్నయ్యకి 9.6, మీకు 4.8. తర్వాత అదే 24 లక్షలు కొత్త వాటాల్లో మీ ఇద్దరికీ ఖర్చు రాయండి, అన్నయ్యకి 14.4, మీకు 9.6. ఇప్పుడు తీసివేయండి. అన్నయ్యకి నికరంగా పోయింది 4.8, మీకూ 4.8. క్లాసులో పిల్లలు రాజు గారి తప్పే చేస్తారు, ఈ లెక్క బోర్డు మీద వేశాక మళ్ళీ చేయరు.

టాలీ_రాజు
ఒప్పుకుంటున్నా మేడం. నేను చేసిన కేసుల్లో రిటైర్ అయ్యాక మిగిలినవాళ్ళు పాత వాటాల్లోనే కొనసాగారు, అప్పుడు ఏ రేషియో వాడినా ఒకటే వస్తుంది, అందుకే తేడా ఎప్పుడూ కనబడలేదు.

కామర్స్_మేడం
సరిగ్గా పట్టుకున్నారు. మీ ఇద్దరూ 2:1 లోనే ఉండిపోయుంటే సుజాత గారికి 3,20,000, అన్నయ్యకి 6,40,000 పడేది. 3:2 కి మార్చుకున్నారు, అది ఎవరు అడిగారు?

రాణిగంజ్_సుజాత
నేనే అడిగాను. షాపులో పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చునేది నేను కదా.

ఉస్మాన్‌గంజ్_బాబాయ్
అమ్మా, ఇంకో రకంగా చూడు. 12 లక్షల లాభంలో నీకు ఏడాదికి 2,40,000 వచ్చేది, ఇప్పుడు 4,80,000 వస్తుంది. పెరిగిన 2,40,000 కి రెండేళ్ళ ఖరీదు 4,80,000. డీడ్‌లో రాసుకున్న రెండేళ్ళ కొనుగోలు అంటే అదే. మూడో ఏడాది నుంచి ఆ పెరిగింది నీ చేతికి మిగులే. నేను ఉస్మాన్‌గంజ్‌లో ముప్పై ఏళ్ళ కింద వాటా పెంచుకున్నప్పుడు నాలుగేళ్ళ ఖరీదు కట్టాను, మీ పెద్దాయన చాలా చవగ్గా ఇచ్చి వెళ్ళాడు.

రాణిగంజ్_సుజాత
బాబాయ్ మీరు అలా చెప్పాక కడుపులో భారం దిగింది. అన్నయ్య మీద మూడు నెలలుగా లోపల్లోపల కోపం పెట్టుకున్నాను. కానీ కేపిటల్ 1,20,000 కి పడిపోయింది కదా, దాని సంగతి?

ఖాతా_పుస్తకం
సీఏని, రిటైర్మెంట్ కేసులు చాలా చూశాను. మీ ప్రశ్నలో గుడ్‌విల్ రేషియో కన్నా గట్టి దెబ్బ అక్కడే ఉంది. గుడ్‌విల్ కేపిటల్‌లోంచి సర్దితే ఆ రోజు జేబులోంచి రూపాయి పోదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ కేపిటల్ మీద వడ్డీ తీసుకుంటున్నారా? 12 శాతం అయితే 7 లక్షల నుంచి 1,20,000 కి దిగినందుకు మీకు ఏడాదికి 69,600 వడ్డీ తగ్గుతుంది. అన్నయ్యది 16 లక్షల నుంచి 9,20,000 అయింది అనుకుంటా?

రాణిగంజ్_సుజాత
అవును, 16 లోంచి పాత గుడ్‌విల్ 2 లక్షలు, ఈ 4,80,000 పోయి 9,20,000. మీకెలా తెలిసింది?

ఖాతా_పుస్తకం
పాత గుడ్‌విల్ మీకు లక్ష పడింది అన్నారు, అంటే పుస్తకాల్లో 5 లక్షలు ఉండి ఉండాలి, 2:2:1 లో రాసేశారు. అన్నయ్య కేపిటల్ మాత్రం ఊహించాను. మీరు కేపిటల్స్ కూడా 3:2 లో ఉండాలి అని డీడ్‌లో రాసుకున్నారా? అలా ఉంటే మొత్తం 10,40,000 లో అన్నయ్యది 6,24,000, మీది 4,16,000 కావాలి, అంటే మీరు 2,96,000 తేవాలి, ఆయన అంతే తీసుకోవాలి. రాసుకోకపోతే ఎవరూ తేవాల్సిన పని లేదు, ఇప్పుడున్నట్టే నడపొచ్చు. చాలామంది ఇది చట్టం అనుకుని అప్పు చేసి మరీ తెస్తారు, అది మీరూ అన్నయ్యా కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

శీను గారు, మీ మాట సగం నిజం. పార్ట్‌నర్‌గా ఉండగా పోతే, డీడ్‌లో వేరే మాట లేకపోతే, ఫర్మ్ రద్దవుతుంది. కానీ పెద్దాయన మార్చి 31నే బయటికి వెళ్ళిపోయారు. డిసెంబర్‌లో పోయింది పార్ట్‌నర్ కాదు, ఫర్మ్‌కి అప్పిచ్చిన మనిషి. ఈ ఒక్క తేడాతో వాళ్ళ ఉత్తరంలో రెండు డిమాండ్లు నిలబడవు.

బాలానగర్_శీను
ఓ, నేను తొందరపడి చదివాను. మా నాన్న పార్ట్‌నర్‌గా ఉండగానే పోయారు. బాలానగర్‌లో లేత్ వర్క్‌షాప్, డీడ్‌లో ఏమీ లేదు, మిగిలిన ఇద్దరూ మూడేళ్ళు అదే మెషిన్లతో నడుపుకున్నారు, మాకు లెక్క చెప్పలేదు.

ఖాతా_పుస్తకం
మీది వేరు, మీ కేసుకి సెక్షన్ 37 ఉంది. లెక్క తేల్చకుండా ఆయన సొమ్ముతో వ్యాపారం చేస్తే, ఆ సొమ్ము వల్ల వచ్చిన లాభంలో వాటా గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ, రెంటిలో మీకు ఇష్టమైనది అడగొచ్చు. ఏది ఎక్కువైతే అది, ఎంపిక మీ కుటుంబానిది, వాళ్ళది కాదు.

బాలానగర్_శీను
మాకు 6 శాతం అని వాళ్ళే తేల్చేసి చేతిలో పెట్టారు. సరేలెండి, అది వేరే త్రెడ్ పెడతాను.

గచ్చిబౌలి_వంశీ
లాభంలో వాటా అడగడం కరెక్టే కదా? మా డిగ్రీ పుస్తకంలో చనిపోయిన రోజు వరకు లాభం లెక్కకట్టే ప్రాబ్లమ్స్ ఉండేవి. పోయిన ఏడాది లాభాన్ని 365 తో భాగించి రోజులతో గుణించి వాటా వేసేవాళ్ళం.

కామర్స్_మేడం
ఆ ప్రాబ్లమ్ మార్చి తర్వాత కూడా పార్ట్‌నర్‌గా ఉన్నవాళ్ళకి బాబూ. ఈయన ఏప్రిల్ 1 నుంచి లాభంలో లేరు, నష్టంలోనూ లేరు. అదే డిసెంబర్ దాకా షాపు నష్టపోయి ఉంటే ఎగ్జిక్యూటర్లు ఆ నష్టంలో వాటా మేం భరిస్తాం అని ఉత్తరం రాసేవారా?

గచ్చిబౌలి_వంశీ
😄 లేదు మేడం. అర్థమైంది.

రాణిగంజ్_సుజాత
అప్పు లెక్క ఇక్కడ పెడుతున్నాను, ఎవరైనా సరిచూస్తే బాగుంటుంది. పెద్దాయన కేపిటల్ 18 లక్షలు, గుడ్‌విల్ 9,60,000 కలిపి, పాత గుడ్‌విల్ 2 లక్షలు తీస్తే 25,60,000. మార్చి 31నే 5,60,000 చెక్కు ఇచ్చాం. మిగతా 20 లక్షలు ఆరు నెలలకోసారి 5 లక్షల చొప్పున నాలుగు వాయిదాలు, మిగిలిన బాకీ మీద 9 శాతం వడ్డీ. సెప్టెంబర్ 30న 5 లక్షలు, వడ్డీ 90,000 ఇచ్చాం. అప్పటికి బాకీ 15 లక్షలు. ఆ తర్వాత ఆయన పోయారు. ఇవన్నీ రిటైర్మెంట్ అగ్రిమెంట్‌లో ఆయన సంతకంతో ఉన్నాయి.

ఖాతా_పుస్తకం
సంతకం ఉంది కాబట్టే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఎగ్జిక్యూటర్లు పెద్దాయన స్థానంలోకి వస్తారు, ఆయనకి లేని హక్కు వాళ్ళకి రాదు. ఆయన బతికుంటే మార్చి 31న 5 లక్షలే అడగగలిగేవారు, వాళ్ళూ అంతే. అగ్రిమెంట్‌లో చనిపోతే మొత్తం ఒకేసారి అని ఎక్కడైనా ఒక లైన్ ఉందేమో మాత్రం మళ్ళీ చదవండి, కొందరు రాస్తారు.

పుస్తకాల్లో ఇప్పుడు చేయాల్సింది ఒకటి. డిసెంబర్ 12 వరకు వడ్డీ కట్టి, పెద్దాయన లోన్ ఖాతా మూసి, ఎగ్జిక్యూటర్ల ఖాతాకి మార్చాలి. అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 12 వరకు 73 రోజులు, ఏడాదిలో సరిగ్గా అయిదో వంతు. 15 లక్షల మీద 9 శాతం అంటే 1,35,000, అందులో అయిదో వంతు 27,000. కాబట్టి ఎగ్జిక్యూటర్ల ఖాతా 15,27,000 తో మొదలవుతుంది. మార్చి 31న మిగతా వడ్డీ 40,500 కలిపి, 5,67,500 ఇవ్వాలి. తర్వాత సెప్టెంబర్‌లో 5,45,000, ఆ మార్చిలో 5,22,500 ఇస్తే ఖాతా మూసుకుంటుంది.

టాలీ_రాజు
సార్, డిసెంబర్ 13 నుంచి మార్చి దాకా వడ్డీ 15,27,000 మీద కట్టాలా 15 లక్షల మీదా? ఖాతాలో అంత కనబడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో వడ్డీ లెక్క పెడితే మొత్తం మీద వేసేస్తుంది.

ఖాతా_పుస్తకం
మంచి ప్రశ్న, సరిగ్గా అక్కడే తప్పు జరుగుతుంది. అసలు మీదే, 15 లక్షల మీదే. ఆ 27,000 వడ్డీ, దాని మీద మళ్ళీ వడ్డీ ఇస్తామని అగ్రిమెంట్‌లో లేదు. అర్ధ సంవత్సరం వడ్డీ ఎంత కలిపినా 67,500 దాటకూడదు, దాటితే ఎక్కడో చక్రవడ్డీ దూరింది అని గుర్తు.

టాలీ_రాజు
ఇంకోటి, రోజుల లెక్కన డిసెంబర్ 13 నుంచి మార్చి 31 వరకు 109 రోజులు, 40,315 వస్తుంది, 40,500 కాదు.

ఖాతా_పుస్తకం
నిజమే, 185 రూపాయల తేడా. అర్ధ సంవత్సరం అని రాసుకున్నారు కాబట్టి నేను 67,500 లోంచి 27,000 తీసేశాను. రోజుల లెక్కే కావాలంటే ముందు నుంచి అలాగే చేయాలి. దీని కోసం ఎగ్జిక్యూటర్లతో గొడవ పడకండి, 185 ఇచ్చేయండి.

ఉస్మాన్‌గంజ్_బాబాయ్
ఎటూ మార్చి 31న ఇచ్చేది 5,67,500 అయినప్పుడు మధ్యలో డిసెంబర్ 12న గీత గీయడం ఎందుకయ్యా? మా రోజుల్లో పేరు కొట్టేసి పక్కన వారసుల పేరు రాసేవాళ్ళం.

ఖాతా_పుస్తకం
ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం బాబాయ్ గారూ. ఆ 27,000 పెద్దాయన ఆదాయం, ఆయన పేరు మీద రిటర్న్‌లో రావాలి. తర్వాతి 40,500 ఎస్టేట్ ఆదాయం, ఎగ్జిక్యూటర్లు చూపించాలి. గీత గీయకపోతే రెండూ కలిసిపోయి నోటీసు ఒకరికి వస్తుంది, జవాబు ఇంకొకరు చెప్పుకోవాలి.

సుజాత గారు, సెప్టెంబర్‌లో 90,000 వడ్డీ ఇచ్చినప్పుడు టీడీఎస్ కోశారా?

రాణిగంజ్_సుజాత
లేదే. పార్ట్‌నర్‌కి ఇచ్చే వడ్డీకి టీడీఎస్ ఉండదు అన్నారు.

ఖాతా_పుస్తకం
2024 సెప్టెంబర్ నాటికి పార్ట్‌నర్‌కి లేదు, నిజమే. కానీ ఆ ఏప్రిల్ నుంచి ఆయన పార్ట్‌నర్ కాదు కదా. మామూలు అప్పిచ్చినవాళ్ళకి ఫర్మ్ కట్టే వడ్డీ లాగే 194ఏ కింద 10 శాతం, అంటే 9,000 కొయ్యాల్సింది. రిటైర్మెంట్ కేసుల్లో పదింట ఎనిమిది మంది ఇది మర్చిపోతారు, అదే లెడ్జర్ అదే పేరు కాబట్టి. రేపే మీ సీఏతో మాట్లాడండి, ఆలస్యానికి వడ్డీ కట్టి సరిచేసుకోవచ్చు.

రాణిగంజ్_సుజాత
అయ్యో. రేపు పొద్దున్నే చేస్తాను. ఆ 2 లక్షలు ఎందుకు కోశారు అన్నదానికి వాళ్ళకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? పెద్దాయన భార్య, అత్తమ్మ అంటాను నేను, ఆవిడ బాధపడుతోంది.

కామర్స్_మేడం
ఇలా చెప్పండి. ఆ 5 లక్షల గుడ్‌విల్ ఎప్పుడో షాపు కొన్నప్పుడు పుస్తకాల్లో పెట్టింది. ఆ ఆస్తి వల్ల కేపిటల్స్ ముగ్గురివీ అంత మేర ఎక్కువ కనబడుతున్నాయి, పెద్దాయన 18 లక్షల్లో 2 లక్షలు ఆ గుడ్‌విలే. ఇప్పుడు 24 లక్షలు లెక్క కట్టింది షాపు పేరు మొత్తానికి, పాత 5 కూడా అందులోనే. 2 లక్షలు తీయకుండా 9,60,000 ఇస్తే ఆయనకి ఒకే గుడ్‌విల్ రెండుసార్లు ఇచ్చినట్టు, మీ ఇద్దరి జేబులోంచి. మీకు కూడా లక్ష, అన్నయ్యకి 2 లక్షలు పోయాయి అన్నది ఆవిడకి చూపించండి, ఆయన ఒక్కడికే కోశారు అనుకుంటోందేమో పాపం.

నాంపల్లి_వకీలు
డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్నది ఎవరూ అడగలేదు. ఇద్దరు ఎగ్జిక్యూటర్లలో ఒకరు తన అకౌంట్‌లో వేయమన్నారా?

రాణిగంజ్_సుజాత
అల్లుడు ఫోన్ చేసి అదే అన్నారు. ఉత్తరంలో లేదు.

నాంపల్లి_వకీలు
వేయకండి. అది ఆయన సొంత డబ్బు కాదు, ఎస్టేట్‌ది. ఇద్దరి పేర్లతో ఎస్టేట్ కోసం తెరిచిన అకౌంట్‌కే చెక్కు, ఇద్దరి సంతకంతో రసీదు. వీలునామా కాపీ, మరణ ధృవపత్రం ఫైల్‌లో పెట్టుకోండి. హైదరాబాద్‌లో హిందువుల వీలునామాకి ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు, కానీ మీకు అనుమానం ఉంటే అడగడంలో తప్పు లేదు, కనీసం ఇండెమ్నిటీ బాండ్ తీసుకోండి. రేపు ఇంకో కూతురో కొడుకో వచ్చి ఆ వీలునామా నకిలీ అంటే రెండోసారి కట్టే పరిస్థితి రాకూడదు.

ఉస్మాన్‌గంజ్_బాబాయ్
వకీలు గారూ, ముప్పై ఏళ్ళ స్నేహం ఉన్న ఇంట్లో ఆయన పోయిన నెలకే ప్రొబేట్ తెండి, బాండు తెండి అంటే ఎలా ఉంటుందండీ? వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని మాట్లాడాలి ముందు.

నాంపల్లి_వకీలు
వెళ్ళి కూర్చోండి, మాట్లాడండి, చెక్కు మాత్రం ఎస్టేట్ పేరు మీదే రాయండి. స్నేహితుల ఇళ్ళ కేసులే నా దగ్గర ఎక్కువ.

గచ్చిబౌలి_వంశీ
ఒక డౌటు, మధ్య ఏడాది 13 లక్షల లాభం కదా, అందులో ఏదైనా ఒక్కసారి వచ్చే ఆదాయం ఉంటే తీసేయాలి కదా గుడ్‌విల్ లెక్కలో?

రాణిగంజ్_సుజాత
ఆ ఏడాది ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు ఆర్డర్ పెద్దది వచ్చింది, మళ్ళీ అంతది రాలేదు.

గచ్చిబౌలి_వంశీ
అది తీసేస్తే సగటు తగ్గి మీ 4,80,000 కూడా తగ్గుతుంది!

కామర్స్_మేడం
పంపుల షాపుకి పంపుల ఆర్డర్ వస్తే అది వ్యాపారమే, పాత వ్యాన్ అమ్మితే వచ్చిన లాభం లాంటిది కాదు. నేనైతే తీయను.

ఖాతా_పుస్తకం
నేనైతే మార్చిలో కొంత తగ్గించి మాట్లాడేవాణ్ణి. కానీ 24 లక్షలకి ముగ్గురూ సంతకం పెట్టాక, అందులో ఒకరు పోయాక, ఇప్పుడు తిరగదోడితే ఎగ్జిక్యూటర్లు మిగతా లెక్కలన్నీ తిరగదోడతారు.

రాణిగంజ్_సుజాత
తిరగదోడను. పెద్దాయన నాకు మోటార్ వైండింగ్ చూసి రేటు చెప్పడం నేర్పించారు, ఆయన లెక్క ఆయన సంతకం పెట్టినట్టే ఇస్తాను. ఆదివారం అన్నయ్యా నేనూ అత్తమ్మ దగ్గరికి వెళ్తున్నాం, పాత గుడ్‌విల్ కాగితం తీసుకుని. అల్లుడి అకౌంట్ సంగతి అక్కడ ఎలా ఎత్తాలో మాత్రం ఇంకా తోచలేదు.

నాంపల్లి_వకీలు
ఎస్టేట్ అకౌంట్ నంబర్ ఇవ్వండి అని మాత్రం అడగండి, ఎందుకు అని చెప్పక్కర్లేదు.

బాలానగర్_శీను
అక్కా వెళ్ళొచ్చాక ఏమైందో రాయండి. నేను కూడా మా నాన్న డీడ్ బీరువాలోంచి తీశాను.